జల్లెడలో చిక్కిన మడ్డి: లూపస్ కిడ్నీలను, కీళ్లను దెబ్బతీసే తీరు

పాము కాటుకు ఇచ్చే మందు గుర్రం రక్తం నుంచి తయారవుతుంది. గుర్రానికి కొద్ది కొద్దిగా విషం ఎక్కిస్తే దాని శరీరంలో విషానికి విరుగుడు యాంటీబాడీలు పుడతాయి. వాటిని వేరుచేసి, శుద్ధిచేసి మనిషికి ఎక్కిస్తారు. ప్రాణం నిలుస్తుంది. అయితే కాటు తిన్న రైతు ఇంటికి వెళ్లిన వారం పది రోజులకు కొన్నిసార్లు మళ్లీ జ్వరం వస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, మోకాళ్లు, మణికట్లు వాస్తాయి, మూత్రంలో కొద్దిగా ప్రొటీన్ పోతుంది. విషం ఇంకా ఒంట్లోనే ఉందని ఇంట్లోవాళ్లు భయపడతారు. నిజానికి అప్పటికి విషం ఎప్పుడో పోయి ఉంటుంది. ఈ బాధకు కారణం మందులోని గుర్రపు ప్రొటీన్. దీని పేరు సీరం సిక్‌నెస్. లూపస్ అనే దీర్ఘవ్యాధి కిడ్నీల్లో, కీళ్లలో చేసే పనిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

దీన్ని మొదట శ్రద్ధగా గమనించినవారు వియన్నాలో పిల్లల వైద్యులుగా పనిచేసిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్. అప్పట్లో డిఫ్తీరియా పిల్లలకు గుర్రపు సీరం ఇచ్చేవారు. ఇచ్చిన 8 నుంచి 12 రోజుల్లో కొందరికి జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు, బిళ్లలు కట్టడం కనిపించేవి. అదే పిల్లవాడికి కొంతకాలం తర్వాత రెండోసారి సీరం ఇస్తే అన్ని రోజులు ఆగేది కాదు, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో జబ్బు మొదలయ్యేది. సీరమే విషమైతే మొదటిసారి కూడా వెంటనే బాధ పెట్టాలి కదా? ఆ వారం పది రోజుల ఆలస్యం శరీరం యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి పట్టే సమయమని వారిద్దరూ 1905లో వేసిన పుస్తకంలో వాదించారు. జబ్బు గుర్రపు ప్రొటీన్ వల్ల కాదు, యాంటీబాడీ వల్లా కాదు, ఆ రెండూ కలుసుకోవడం వల్ల. కాపాడవలసిన యాంటీబాడీయే జబ్బు తెస్తుందన్న మాట అప్పటి వైద్యులకు మింగుడుపడనిది.

ఆ కలయిక ఎలా ఉంటుందో చూడాలి. యాంటీబాడీకి రెండు చేతులుంటాయి, ఒక్కో చేత్తో ఒక్కో యాంటిజెన్‌ను పట్టుకోగలదు. యాంటిజెన్ అంటే శరీరం పరాయిదిగా గుర్తించిన పదార్థం. దానిమీద కూడా పట్టుకోవడానికి చాలాచోట్ల వీలుంటుంది. అందుకే ఒకదాన్నొకటి పట్టుకుంటూ గొలుసులుగా, వలలుగా అల్లుకుపోతాయి. ఈ అల్లికనే ఇమ్యూన్ కాంప్లెక్స్ అంటారు. అది ఎంత పెద్దదవుతుందన్నది రెండింటి పాళ్లను బట్టి ఉంటుంది. యాంటిజెన్ మరీ ఎక్కువగా ఉంటే యాంటీబాడీ చేతులు రెండూ వెంటనే నిండిపోయి చిన్న చిన్న జతలుగా మిగులుతాయి. అవి రక్తంలో తిరుగుతాయి కానీ పెద్దగా హాని చేయవు. రెండూ సమపాళ్లలో ఉంటే పెద్ద ముద్దలు కడతాయి, వాటిని కాలేయం, ప్లీహం ఇట్టే పట్టి మింగేస్తాయి. ఇబ్బంది పెట్టేవి మధ్యరకం. కాలేయం కంటపడనంత చిన్నవి, మంట రేపగలిగినంత పెద్దవి.

అమెరికాలో ఫ్రాంక్ డిక్సన్ బృందం 1950లలో, 60లలో కుందేళ్ల మీద చేసిన పరిశోధనలు దీన్ని రోజువారీ లెక్కతో చూపించాయి. ఎద్దు రక్తంలోని ఆల్బుమిన్‌కు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి కుందేలుకు ఒకేసారి పెద్ద మోతాదులో ఎక్కించారు. మొదటి వారమంతా ఆ ఆల్బుమిన్ మెల్లగా తగ్గింది. ఆపైన యాంటీబాడీలు బయటికి రాగానే ఒక్కసారిగా మాయమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కుందేలు కిడ్నీల్లో, కీళ్లలో, గుండెలో, రక్తనాళాల్లో వాపు కనిపించింది. యాంటిజెన్ పూర్తిగా ఖాళీ అయ్యాక పుండ్లన్నీ మానిపోయాయి. తర్వాత వాళ్లు పద్ధతి మార్చి ఇంజెక్షన్‌ను రోజూ ఇస్తూ పోయారు. అప్పుడు కొన్ని కుందేళ్ల కిడ్నీలు మానలేదు, నెలల తరబడి పాడవుతూనే వచ్చాయి. యాంటీబాడీలు అసలు తయారుచేయని కుందేళ్లకు మాత్రం ఏమీ కాలేదు. లూపస్‌ను ఈ రెండో ప్రయోగం పక్కన పెట్టి చూడవచ్చు. తేడా ఒక్కటే: లూపస్‌లో రోజూ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు బయట ఎవరూ ఉండరు.

లూపస్‌లో యాంటిజెన్ సొంత కణాల కేంద్రకంలోనిది. ముఖ్యంగా డీఎన్ఏ, దాన్ని చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లు. ఒంట్లో రోజూ కోట్లాది కణాలు చచ్చిపోతుంటాయి. ఆ శిథిలాలు గుట్టు చప్పుడు కాకుండా తొలగిపోవాలి. ఆ పారిశుధ్యంలో రక్తంలోని కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల జట్టుది పెద్ద పాత్ర. వాటిలో మొదటిదైన సీ1క్యూ చచ్చిన కణానికి అతుక్కుని, మింగే కణాలకు ఆనవాలు చూపిస్తుంది. ఇమ్యూన్ కాంప్లెక్స్‌ల మీద సీ3 ప్రొటీన్ ముక్కలు అతుక్కుంటే ఎర్రరక్తకణాలు వాటిని వీపున మోసుకుని కాలేయానికి చేరుస్తాయి. అక్కడ బరువు దించుకుని ఎర్రకణం తన దారిన తాను పోతుంది. ఆక్సిజన్ మోయడమే ఎర్రకణం పని అని బడిలో చదువుకున్నవారికి ఈ రెండో కూలి పని వింతగా తోస్తుంది. పుట్టుకతోనే సీ1క్యూ లోపించినవారు చాలా అరుదు కానీ, వారిలో అత్యధికులకు లూపస్ వస్తుంది. చెత్త ఎత్తేవాడు లేకపోతే వీధి ఏమవుతుందో అదే అక్కడ జరుగుతుంది. అందరు రోగుల్లోనూ లోపం ఇంత సూటిగా ఉండదు. జన్యువులు, హార్మోన్లు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు కలిసి పనిచేస్తాయి. రోగుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లు, అదీ ఎక్కువగా పిల్లలు కనే వయసులోనివారు.

ఎత్తకుండా మిగిలిన డీఎన్ఏ మీద యాంటీబాడీలు పుడతాయి. డీఎన్ఏ, యాంటీబాడీ కలిసిన కాంప్లెక్స్ రక్షణ కణాల్లోకి వెళ్తే అవి దాన్ని వైరస్ అని పొరబడి ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతాన్ని వదులుతాయి. దాంతో మరిన్ని యాంటీబాడీలు, మరిన్ని కణాల చావు, మరింత డీఎన్ఏ. సీరం సిక్‌నెస్‌లో యాంటిజెన్ అయిపోగానే జబ్బు ఆగుతుంది. ఇక్కడ యాంటిజెన్ అయిపోవడమన్న మాటే లేదు. లూపస్‌తో మరణించినవారి కిడ్నీల నుంచి యాంటీబాడీలను కడిగి తీసి, అవి డీఎన్ఏను పట్టే రకమేనని, రక్తంలోకన్నా కిడ్నీలో దట్టంగా పోగుపడ్డాయని 1967లో కోఫ్లర్, కుంకెల్ బృందం చూపించింది. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. ముఖం మీది మచ్చ తోడేలు కొరికినట్టుందని ఎప్పుడో పెట్టిన పేరు అది. చర్మాన్ని మాత్రమే చెప్పే ఆ పేరు లోపలి జబ్బు సంగతి దాచిపెడుతుందన్నది నిజం.

ఇక కిడ్నీ దగ్గరికి వస్తే, కాంప్లెక్స్‌లు అక్కడే ఎందుకు పేరుకుంటాయన్న ప్రశ్నకు జవాబు దాని పనిలోనే ఉంది. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల గ్లోమెరులస్‌లు, అంటే సన్నని రక్తనాళాల చుట్టలు ఉంటాయి. వాటిలోంచి రోజుకు 180 లీటర్ల దాకా నీరు వడకట్టుకుని బయటికి వస్తుంది, అందులో చాలాభాగాన్ని శరీరం తిరిగి పీల్చుకుంటుంది. ఇంత ఒత్తిడితో, ఇంత రక్తాన్ని వడకట్టే జల్లెడలో మడ్డి చిక్కుకోవడం సహజం. పైగా ఆ జల్లెడ పొరకు రుణావేశం ఉంటుంది, హిస్టోన్‌లకు ధనావేశం. అందుకని డీఎన్ఏ, హిస్టోన్ ముక్కలు ముందుగా వెళ్లి పొరకు అతుక్కుంటే, యాంటీబాడీలు తర్వాత వచ్చి వాటిని అక్కడే పట్టుకోవడమూ జరుగుతుంది. అన్ని కాంప్లెక్స్‌లూ రక్తంలోనే తయారై కిడ్నీకి కొట్టుకువస్తాయన్న పాత భావన ఇప్పుడు అంత గట్టిగా లేదు.

మడ్డి ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నదే రోగి గతిని నిర్ణయిస్తుంది. జల్లెడకు మూడు అంచెలున్నాయి. రక్తం వైపు రంధ్రాలున్న పలుచని కణాల వరుస, మధ్యలో గట్టి ఆధార పొర, బయటివైపు వేళ్లలాంటి కాళ్లతో దాన్ని పట్టుకుని ఉండే పోడోసైట్ కణాలు. నాళాల మధ్య సందుల్లో దూలాల్లాంటి మెసాంజియం ఉంటుంది. మడ్డి మెసాంజియం వరకే ఆగితే మూత్రంలో స్వల్ప మార్పులు తప్ప పెద్ద నష్టం ఉండదు. ఆధార పొర లోపలివైపు, అంటే రక్తానికి తగిలేచోట పేరుకుంటే అసలు ప్రమాదం. అక్కడ కాంప్లిమెంట్ రగులుకుని సీ5ఏ అనే ముక్క పుడుతుంది. దాని వాసన పట్టి తెల్లకణాలు గుంపుగా వచ్చి పడతాయి. అవి మడ్డిని మింగలేక, తమ ఎంజైములను దానిమీద కుమ్మరిస్తాయి, ఆ ఎంజైములు పక్కనున్న పొరనే కొరికేస్తాయి. నాళాలు పూడుకుపోతాయి, చిరిగినచోట ఎర్రకణాలు మూత్రంలోకి కారతాయి, రక్తపోటు పెరుగుతుంది. అదే మడ్డి పొర బయటివైపు పేరుకుంటే తెల్లకణాలు అక్కడికి చేరలేవు. పోడోసైట్లు మాత్రం దెబ్బతిని జల్లెడ కన్నాలు పెద్దవవుతాయి. రక్తం పెద్దగా పోదు కానీ ప్రొటీన్ గ్రాములకొద్దీ పోతుంది, కాళ్లు, ముఖం ఉబ్బుతాయి. బయాప్సీ రిపోర్టులో కనిపించే రెండు నుంచి ఐదు దాకా క్లాసులు ముఖ్యంగా ఈ తేడాలకు పెట్టిన అంకెలే. సందుల్లో ఉంటే రెండు, రక్తం వైపు ఉండి సగంకన్నా తక్కువ గ్లోమెరులస్‌లకు సోకితే మూడు, సగమో అంతకు మించో సోకితే నాలుగు, బయటివైపు ఉంటే ఐదు. నాలుగు, ఐదు కలిసి రావడమూ ఉంది, కనుక పెద్ద అంకె అంటే పెద్ద జబ్బు అనుకోవడం పొరపాటు.

కీలు కథ వేరు. కీలు లోపలి గోడకు సైనోవియం అనే మెత్తని పొర ఉంటుంది. దానిలోని రక్తనాళాలకు రంధ్రాలుంటాయి, పొరకు కింద అడ్డుగా ఆధార పొర ఉండదు. అందువల్ల రక్తంలోంచి కాంప్లెక్స్‌లు తేలిగ్గా లోపలికి జారుకుంటాయి. అక్కడా కాంప్లిమెంట్ రగులుతుంది, వాపు, నొప్పి, పొద్దున్నే బిగుసుకుపోవడం కనిపిస్తాయి. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిది మందిని ఏదో ఒక దశలో కీళ్లు బాధిస్తాయి. కానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో సైనోవియం కండలాగా పెరిగి ఎముకను తినేస్తుంది. లూపస్‌లో అలా పెరగడం అరుదు. కీలు నీరు తీసి చూస్తే తెల్లకణాలు కొద్దిగానే ఉంటాయి, ఎక్స్‌రేలో ఎముక అంచు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ఏళ్లు గడిచాక కొందరికి వేళ్లు పక్కకు వాలిపోతాయి. అదీ ఎముక అరిగి కాదు, కీలు చుట్టూ ఉన్న స్నాయువులు వదులై. చెయ్యిని బల్లమీద ఒత్తితే వేళ్లు తిన్నగా అవుతాయి, వదిలితే మళ్లీ వాలతాయి. దీన్ని జాకూడ్ ఆర్థ్రోపతీ అంటారు. కీలు గట్టిగా మొరపెట్టుకుంటుంది కానీ దాదాపుగా కోలుకుంటుంది. కిడ్నీకి నొప్పి తెలియదు, ఒకసారి మచ్చకట్టిన గ్లోమెరులస్ తిరిగి రాదు. రోగి కీళ్ల కోసం డాక్టరు దగ్గరికి వెళ్తే కిడ్నీ జబ్బు అక్కడ బయటపడడం ఈ తేడావల్లే.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. 24 ఏళ్ల యువతి, బరువు 50 కిలోలు. నాలుగు నెలలుగా పొద్దున్నే పప్పుగుత్తి పట్టుకోలేనంతగా వేళ్లు బిగుసుకుంటున్నాయి. చికున్‌గున్యా తర్వాత నొప్పులని ఊళ్లో అందరూ అన్నారు, మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని వేసుకుంది. ఎండలో తిరిగితే బుగ్గలు కందుతున్నాయి, జుట్టు ఊడుతోంది. నెల రోజులుగా సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి, మూత్రం పోస్తే సబ్బు నురగలా నిలుస్తోంది. రక్తపోటు 150/94. మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్‌లు, ఎర్రకణాలు ఎక్కువ, ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 2.6. ఇది 0.2 లోపు ఉండాలి, 0.5 దాటితే లూపస్ రోగికి బయాప్సీ గురించి ఆలోచిస్తారు. రక్తంలో క్రియాటినిన్ మాత్రం 0.9. అంటే మామూలే. కిడ్నీ పరీక్ష అంటే క్రియాటినిన్ ఒక్కటే చేయించుకుని ఊరట చెందేవారికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. సగం గ్లోమెరులస్‌లు మంటలో ఉన్నా మిగిలినవి పని పంచుకోవడంతో ఆ అంకె కదలకపోవచ్చు.

ఆమెకు ఏఎన్ఏ పరీక్ష గట్టి పాజిటివ్, డీఎన్ఏ యాంటీబాడీలు ఎక్కువ. సీ3 38, సీ4 5. సీ3 సాధారణంగా 90 పైన ఉండాలి. కాంప్లిమెంట్ తయారీ తగ్గి ఇలా కాలేదు, కాంప్లెక్స్‌ల మీద ఖర్చయిపోయి తగ్గింది. సొమ్ము ఎటు పోయిందో ఖాతా పుస్తకం చెప్పినట్టు, లోపల ఎంత దహనం జరుగుతోందో ఈ అంకె చెబుతుంది. బయాప్సీలో 18 గ్లోమెరులస్‌లు దొరికాయి, 11 వాచి పూడుకుపోయి ఉన్నాయి. సగం దాటింది కనుక క్లాస్ నాలుగు. మెరిసే రంగు అంటించి చూస్తే ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ అయిదూ వెలిగాయి. అయిదూ కలిసి కనిపించడాన్ని డాక్టర్లు ఫుల్ హౌస్ అంటారు. అది దాదాపుగా లూపస్ ముద్ర. మచ్చలు అప్పటికి కొద్దిగానే ఉన్నాయి.

ఏఎన్ఏ గురించి ఒక హెచ్చరిక. లూపస్ ఉన్నవారిలో దాదాపు అందరికీ ఇది పాజిటివ్ వస్తుంది, కానీ పాజిటివ్ వచ్చినవారిలో చాలామందికి లూపస్ ఉండదు. థైరాయిడ్ జబ్బుల్లోనూ, ఏ జబ్బూ లేనివారిలోనూ తక్కువ మోతాదులో కనిపిస్తుంది. ఒంటి నొప్పులకని చేసిన ప్యాకేజీ పరీక్షలో ఏఎన్ఏ వచ్చిందని కంగారుపడి వచ్చేవారిలో ఎక్కువమందికి మామూలు మూత్ర పరీక్షే సగం జవాబు ఇస్తుంది. మూత్రంలో ఎర్రకణాలు చూసేటప్పుడు నెలసరి రోజులు కాకుండా చూసుకోవాలి.

చికిత్సలో ప్రతి మందూ ఈ గొలుసులో ఏదో ఒక లంకెను తెంపుతుంది. ఆమెకు మొదటి మూడు రోజులు సెలైన్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 500 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించారు, తెల్లకణాల దాడిని వెంటనే ఆపడానికి. తర్వాత స్టెరాయిడ్ బిళ్లలను తగ్గిస్తూ ఆరు నెలలకు 5 మిల్లీగ్రాములకు తెచ్చారు. యాంటీబాడీలు తయారుచేసే కణాలు పెరగకుండా మైకోఫెనోలేట్ రోజుకు రెండు గ్రాములు. దీనికి బదులు సైక్లోఫాస్ఫమైడ్‌ను 500 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకోసారి ఆరు మోతాదులు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ దాదాపు అందరికీ ఇస్తారు. కణం లోపలి సంచుల్లో ఆమ్లత తగ్గించి, డీఎన్ఏను వైరస్ అని పొరబడే ఆ గుర్తింపునే ఇది మందగింపజేస్తుంది. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే ఆమెకు 250. మించితే ఏళ్ల మీద కంటి రెటీనాకు చెరుపు, అందుకే మొదట్లోనూ, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష. రక్తపోటుకు, ప్రొటీన్ పోవడం తగ్గడానికి టెల్మిసార్టాన్. నొప్పి బిళ్లలు పూర్తిగా మాన్పించారు, ఎందుకంటే వడపోతకు వచ్చే రక్తాన్నే అవి తగ్గిస్తాయి.

కోలుకోవడంలో ఒక వరుస ఉంటుంది. రెండు వారాల్లో ఆమె వేళ్లు వంగాయి. మూడు నెలలకు సీ3 72కు పెరిగింది. మూత్రంలో ప్రొటీన్ మాత్రం 1.5 దగ్గర ఉంది. ఆరు నెలలకు 0.9, ఏడాదికి 0.4. చిరిగిన పొర అతుక్కోవడానికి, పోడోసైట్లు కాళ్లు సర్దుకోవడానికి అంత కాలం పడుతుంది. మూడో నెల రిపోర్టు చూసి మందు పనిచేయలేదనుకోవడం తొందరపాటు, వేళ్లు బాగయ్యాయని రెండో నెలలో మందు మానేయడం అంతకన్నా పెద్ద తప్పు. నొప్పి లేకుండా కిడ్నీ కాలుతూనే ఉంటుంది. ఈ మధ్యలో జ్వరం వస్తే అది లూపస్ తిరగబెట్టిందా, మందులవల్ల సోకిన ఇన్ఫెక్షనా అన్నది తేల్చాలి. లూపస్ మాత్రమే ఎగసినప్పుడు సీఆర్‌పీ అంతగా పెరగని సందర్భాలు చాలా ఉన్నాయి. సీఆర్‌పీ బాగా పెరిగితే డాక్టరు ముందు ఇన్ఫెక్షన్ కోసమే వెతుకుతారు, మన ప్రాంతంలో క్షయను మరచిపోకూడదు.

మైకోఫెనోలేట్, టెల్మిసార్టాన్ రెండూ గర్భస్థ శిశువుకు హానికరం. బిడ్డ కావాలనుకుంటే జబ్బు కనీసం ఆరు నెలలు నిద్రాణంగా ఉన్నాక, మైకోఫెనోలేట్‌ను ఆరు వారాల ముందే ఆపి అజథయోప్రిన్‌కు మారుస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ కొనసాగుతుంది.

రెండో సంవత్సరంలో ప్రొటీన్ 0.4 నుంచి మళ్లీ 1.0కు చేరిందనుకుందాం. సీ3 కొద్దిగానే తగ్గింది, డీఎన్ఏ యాంటీబాడీలు పెరగలేదు. ఇది కొత్తగా పేరుకున్న మడ్డి వల్లనా, పాత మచ్చల్లోంచి కారుతున్న ప్రొటీనా అన్నది రక్త, మూత్ర పరీక్షలతో తేలదు. రెండూ అంకెల్లో ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు మరోసారి సూది వేసి కిడ్నీ ముక్క తీస్తారు. రక్తం వైపు తాజా మడ్డి, తెల్లకణాలు కనిపిస్తే రోగనిరోధాన్ని అణచే మందు పెంచుతారు. ఉన్నవి మచ్చలే అయితే ఆ మందు పెంచినా ఒరిగేదేమీ లేదు, రక్తపోటును, ప్రొటీన్‌ను అదుపులో పెట్టడమే మిగిలిన పని.